ముఖ్య విచారణలో సాక్షి కథనం: మాసిపోయే ప్రశ్న – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

న్యాయస్థానంలో నమోదైన వాంగ్మూలాన్ని సామాజిక చరిత్రకారులు, మాండలిక పరిశోధకులు, కథన శాస్త్ర విమర్శకులు సామాన్యుని గొంతుగా స్వీకరిస్తున్నారు. వాంగ్మూలం ఉత్తమ పురుషలో సాగుతుంది కాబట్టి అది సాక్షి స్వయంగా చెప్పిన కథ అనిపించడం సహజం. నిజానికి అది ఒక సంభాషణ; అందులో ఒక గొంతు తుడిచివేయబడింది. తన సాక్షిని తానే ప్రశ్నించే న్యాయవాదికి చట్టం విధించిన నియమం ఏమిటి, తెలుగు వాక్య నిర్మాణంలో ఆ నియమం ఎక్కడ పట్టు తప్పుతుంది, రికార్డులో దాని జాడ ఎలా మాసిపోతుంది అన్న అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ముఖ్య విచారణ, సూచక ప్రశ్న, పునర్విచారణ, వాంగ్మూలం, ధాతుజ విశేషణం, కథన కర్తృత్వం.

1. ఉపోద్ఘాతం

సాక్షిని కోర్టులో మూడు దశల్లో ప్రశ్నిస్తారు. పిలిపించిన పక్షం మొదట అడిగేది ముఖ్య విచారణ. ఎదుటి పక్షం అడిగేది అడ్డ విచారణ. ఆ తరువాత, అవసరమైతే, మొదటి పక్షమే తిరిగి అడిగేది పునర్విచారణ. కోర్టు ఆవరణలో వీటిని చీఫ్, క్రాస్, రీ అనే పిలుస్తారు. 1872 నాటి భారత సాక్ష్య చట్టంలో 137, 138 సెక్షన్లు ఈ క్రమాన్ని నిర్దేశించాయి. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో అవే 142, 143 సెక్షన్లు అయ్యాయి. సంఖ్యలు మారాయి గాని క్రమం మారలేదు.

సాహిత్యంలోనూ సినిమాలోనూ పేరు వచ్చింది అడ్డ విచారణకే. ఎదుటి సాక్షిని చిక్కుల్లో పెట్టే న్యాయవాది పాఠకునికి ఆసక్తి కలిగిస్తాడు; తన సాక్షిని నెమ్మదిగా అడిగే న్యాయవాది కలిగించడు. విమర్శ కూడా ఈ మోజును అనుసరించింది. కథన శాస్త్రం దృష్టితో చూస్తే మాత్రం క్లిష్టమైనది ముఖ్య విచారణే. అక్కడ న్యాయవాదికి కథ ముందే తెలుసు, దానిని చెప్పవలసినది మాత్రం సాక్షి. కథ తెలిసినవాడు కథలోని ఒక్క మాటనైనా అందించకుండా, తెలియనట్టు అడుగుతూ, సరైన వరుసలో చెప్పించాలి. రచయితకు కలం నిషిద్ధమైన రచన అది.

2. ప్రశ్న ఎవరిది

ఈ నిషేధం మన పాత సంప్రదాయంలో లేదు. దాని అవసరమే అక్కడ రాలేదు. 13వ శతాబ్దంలో కేతన మితాక్షరను ఆధారం చేసుకుని తెలుగులో రచించిన విజ్ఞానేశ్వరంలో వ్యవహార కాండ ఉంది. ఆ స్మృతి సంప్రదాయంలో వాది ప్రతివాదులు సాక్షులను చూపుతారు. ఇద్దరి సమక్షంలో సాక్షిని హెచ్చరించి అడిగేది ధర్మాసనం. అడిగేవానికి ఫలానా జవాబే రావాలన్న స్వార్థం లేనప్పుడు ప్రశ్న జవాబును సూచించిందా లేదా అన్న విచికిత్సకు తావు తక్కువ. ఆంగ్లేయ పద్ధతి ప్రశ్నను కక్షిదారు పక్షానికి అప్పగించింది. జవాబు మీద ఆశ ఉన్నవాడే ప్రశ్న వేస్తాడు కనుక, ప్రశ్న రూపం మీద కట్టుబాటు అవసరమయింది.

ఆ కట్టుబాటే సూచక ప్రశ్నకు సంబంధించిన నియమం. అడిగేవాడు ఏ జవాబును కోరుతున్నాడో, లేదా ఆశిస్తున్నాడో, ఆ జవాబును తనలోనే సూచించే ప్రశ్న సూచక ప్రశ్న అని చట్టం నిర్వచించింది. ఎదుటి పక్షం అభ్యంతరం చెబితే ముఖ్య విచారణలోనూ పునర్విచారణలోనూ కోర్టు అనుమతి లేకుండా దానిని వేయరాదు. అడ్డ విచారణలో వేయవచ్చు. పరిచయ విషయాలు, వివాదం లేని విషయాలు, అప్పటికే తగినంతగా రుజువైన విషయాలు అయితే కోర్టు ముఖ్య విచారణలోనూ అనుమతిస్తుంది. పాత చట్టంలో మూడు సెక్షన్లుగా ఉన్న ఈ నియమాన్ని కొత్త చట్టం 146వ సెక్షన్ కింద ఒకచోట చేర్చింది.

ఈ నిర్వచనంలో రెండు సంగతులను సాధారణంగా గమనించరు. మొదటిది, నిషేధం దానంతట అదే పనిచేయదు. ఎదుటి న్యాయవాది లేచి అభ్యంతరం చెప్పాలి. అతడు ఊరుకుంటే ప్రశ్న సాగిపోతుంది. రెండవది, అవునని గాని కాదని గాని జవాబు వచ్చే ప్రతి ప్రశ్నా సూచక ప్రశ్న కాదు. 'ఆ రోజు వర్షం పడిందా?' అన్న ప్రశ్న ఏ జవాబు వైపూ మొగ్గదు. 'ఆ రోజు వర్షం పడింది కదా?' అన్నది మొగ్గుతుంది. ఆ మొగ్గు ప్రశ్న వ్యాకరణంలో ఉంటుంది గనుక, ఇక్కడ న్యాయశాస్త్ర సమస్య భాషాశాస్త్ర సమస్యగా మారుతుంది.

3. తెలుగు ప్రశ్నలో దాగే సూచన

ఆంగ్ల న్యాయవాద గ్రంథాల నుండి వచ్చిన ఒక సూత్రాన్ని జూనియర్లకు బోధిస్తారు. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎలా అన్న మాటలతో అడిగితే చాలు, సూచన ఉండదని అందులోని భావం. తెలుగు విషయంలో ఈ సూత్రం సగమే నిజం. మాట ఎలా జారుతుందో చూడడానికి కొల్లేరు ప్రాంతపు వివాదాన్ని ఒకదానిని ఉదాహరణగా ఊహించవచ్చు. 1999లో 5వ కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించి, 2006లో లోపలి చేపల చెరువుల గట్లను కొట్టివేసిన తరువాత కూడా ఆ అంచుల్లో గట్టు తగాదాలు కొత్త కావు. ఇందులోని మనుషులు, ప్రశ్నలు, జవాబులు కేవలం కల్పితం.

చేపల చెరువు గట్టుకు రాత్రివేళ ఎవరో గండి కొట్టారు. అడ్డుపడిన కాపలా మనిషికి దెబ్బ తగిలింది. పక్క చెరువు పాకలో ఉన్న మరో కాపలాదారు ప్రాసిక్యూషన్ సాక్షి. ప్రాసిక్యూటర్ ఇలా అడిగాడనుకుందాం: 'ఆ రాత్రి పదింటప్పుడు ముద్దాయి గట్టు మీదకి వచ్చి కర్రతో ఇతన్ని కొట్టాడు కదా?' సాక్షి 'ఆయ్' అంటాడు. ఇది మొరటు సూచక ప్రశ్న. ఎదుటి న్యాయవాది ఏమరుపాటున ఉంటే తప్ప నిలవదు. సమయం, మనిషి, ఆయుధం, చర్య అన్నీ ప్రశ్నలోనే ఉన్నాయి. సాక్షి ఇచ్చింది ఒక్క అక్షరం.

ఆ ఒక్క అక్షరం విషయంలోనూ తొందరపడి తీర్పు చెప్పరాదు. మెట్టనున్న నల్లజర్ల మొదలు కొల్లేటి లంకల దాకా, మొత్తం మీద గోదావరి జిల్లాల వాడుకలో 'ఆయ్' అన్నది ఎదుటివారి మాట విన్నానని తెలిపే మర్యాద. పెద్దవారు మాట్లాడుతున్నప్పుడు మధ్యమధ్య 'ఆయ్' అనడం అంగీకారం కానక్కర్లేదు. 'చెప్పండి, వింటున్నాను' అన్న అర్థం అందులో ఉంటుంది. 'అవునండి' కూడా చాలాసార్లు అంతే. బోనులో నిలబడినవాడు నల్లకోటు వేసుకున్న మనిషితో, అందులోనూ తన పక్షపు మనిషితో, 'కాదు' అనడానికి సంకోచిస్తాడు. అందువల్ల ముఖ్య విచారణలో సూచక ప్రశ్నకు వచ్చే 'అవును' అడ్డ విచారణలో వచ్చే 'అవును' కంటే బలహీనమైనది. ఎదుటి పక్షపు సాక్షి ఒప్పుకుంటే అది అతని మొగ్గుకు విరుద్ధంగా వచ్చిన మాట. సొంత సాక్షి ఒప్పుకుంటే అది మొగ్గు వైపే జారిన మాట. అడ్డ విచారణలో సూచక ప్రశ్నను అనుమతించి ముఖ్య విచారణలో నిషేధించడం వెనుక ఉన్న తర్కం ఇదే.

ఇప్పుడు సూక్ష్మమైన రూపం చూడవచ్చు. ప్రాసిక్యూటర్ 'కదా' విడిచిపెట్టి ఇలా అడుగుతాడు: 'కర్ర పట్టుకున్న మనిషి ఎటు వెళ్లాడు?' ఇందులో 'ఎటు' అన్న ప్రశ్నార్థకం ఉంది. సూత్రం ప్రకారం ఇది తెరిచిన ప్రశ్న. కాని మనిషి చేతిలో కర్ర ఉన్నదని సాక్షి ఇంకా చెప్పలేదు. ఆ సంగతి 'పట్టుకున్న' అన్న ధాతుజ విశేషణంలో కూర్చుని లోపలికి వచ్చింది. 'చెరువు తూము వైపు పోయాడండి' అని సాక్షి జవాబు చెప్పగానే కర్ర కూడా ఒప్పుకున్నట్టే అవుతుంది. దిక్కు గురించి ఆలోచిస్తున్నవాడు కర్రను ఖండించడం మరచిపోతాడు.

ధాతుజ విశేషణం తెలుగు వాక్యానికి ప్రాణం వంటిది. ఆంగ్లంలో వేరే ఉపవాక్యంగా నిలిచి కంటపడే సంగతిని తెలుగు నామవాచకం ముందు విశేషణంగా ఒదిగించి, తెలిసిన విషయంలా చూపుతుంది. 'గండి కొట్టినవాడు', 'పారిపోయిన మనిషి', 'కొట్టేటప్పుడు పక్కనున్నవాళ్లు' అన్నవన్నీ ఆరోపణలే అయినా పేర్లలాగా వినిపిస్తాయి. కనుక తెలుగులో ముఖ్య విచారణ జరిపే న్యాయవాదికి నిజమైన పరీక్ష ప్రశ్నార్థకం దగ్గర కాదు, నామవాచకానికి ముందు వచ్చే మాట దగ్గర. ఆ విశేషణంలోని సంగతిని సాక్షి అంతకుముందు తన నోటితో చెప్పాడా? చెప్పి ఉంటే వాడవచ్చు. లేకపోతే అది సూచనే.

సరైన క్రమం నిదానంగా నడుస్తుంది. 'ఆ రాత్రి నువ్వు ఎక్కడ ఉన్నావు?' 'పాకలో ఉన్నానండి.' 'ఏమైంది?' 'కేక వినబడిందండి.' 'కేక విని ఏం చేశావు?' 'బయటికి వచ్చి లైటు కొట్టానండి.' 'ఏం కనబడింది?' 'ఇద్దరు మనుషులండి. ఒకడు కింద పడున్నాడు.' 'రెండో మనిషి?' 'చేతిలో కర్ర ఉందండి.' ఇక 'కర్ర పట్టుకున్న మనిషి' అనే హక్కు న్యాయవాదికి వచ్చింది. ప్రతి ప్రశ్నా ముందటి జవాబులోని మాటను తీసుకుని ఒక్క అడుగు వేస్తుంది. కేక అన్నమాట సాక్షిది, అడుగు న్యాయవాదిది. ఈ పద్ధతిలో మూల్యం కూడా ఉంది. 'ఏం కనబడింది?' అన్న ప్రశ్నకు సాక్షి 'చీకట్లో ఏం కనబడలేదండి' అనే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఆ ప్రమాదాన్ని భరించడమే ఈ నియమం న్యాయవాదిని కోరేది.

4. పిఠాపురం నుండి బరంపురం

కల్పిత ఉదాహరణ నుండి వాస్తవ వ్యాజ్యానికి వస్తే, తెలుగు నేల మీద మొదలై ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లిన పాకాల నారాయణస్వామి కేసు ఇక్కడ ప్రస్తావించదగినది. 1939 జనవరిలో లార్డ్ ఆట్కిన్ ఇచ్చిన ఆ తీర్పును మరణానికి ముందటి మాటలు, పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలాలు అన్న అంశాల కింద న్యాయ విద్యార్థులందరూ చదువుతారు. సాక్షిని ప్రశ్నించే పద్ధతి దృష్టితో దానిని చదవడం అరుదు.

తీర్పులోని సంగతులు క్లుప్తంగా ఇవి. మృతుడు పిఠాపురం దివాను వద్ద బంట్రోతుగా పనిచేసినవాడు. నిందితుడు ఆ దివాను అల్లుడు, బరంపురంలో కాపురం. నిందితుని భార్య మృతుని వద్ద సొమ్ము అప్పు తీసుకుంది. 1937 మార్చి 20న మృతునికి ఒక ఉత్తరం వచ్చింది. నిందితుని భార్య తనను రమ్మని, బాకీ తీసుకు వెళ్లమని రాసిందని, అందుకే బరంపురం వెళుతున్నానని ఆయన తన భార్యకు చెప్పాడు. మర్నాడు ఇల్లు విడిచాడు. మార్చి 23న పూరీలో రైలు మూడవ తరగతి పెట్టెలో ఒక ఉక్కు ట్రంకు పెట్టెలో ఆయన శవం దొరికింది.

ఈ కేసులో వితంతువు సాక్ష్యం గొలుసుకు మొదటి కొక్కెం. ఆమెను ముఖ్య విచారణ చేసే న్యాయవాది స్థానంలో నిలబడి చూస్తే కష్టం తెలుస్తుంది. ఆమె ఉత్తరం రాయలేదు, బరంపురం వెళ్లలేదు, హత్య చూడలేదు. ఆమె చెప్పగలిగినది భర్త మాట మాత్రమే. ఆ మాటలోనూ మరొకరి మాట ఉంది. ఉత్తరం ఆయనతో ఏదో చెప్పింది; ఆయన ఈమెతో చెప్పాడు; ఈమె కోర్టుతో చెప్పాలి. ఈ పొరలన్నీ ఒక్క ప్రశ్నలో కలిపివేసి 'ముద్దాయి భార్య పిలిపించింది కాబట్టే మీ ఆయన బరంపురం వెళ్లారు కదా?' అని అడిగితే, చిత్రంగా, ఆమెకు ప్రత్యక్షంగా తెలియని సంగతే తెలిసిన సంగతిగా నమోదవుతుంది. 'వెళ్లేముందు మీతో ఏమన్నారు?' అని అడిగితే ఆమె తాను విన్నదానికే సాక్షి అవుతుంది. ఈ రెండు ప్రశ్నలూ కోర్టు రికార్డులోనివి కావు. తేడా చూపడానికి ఇక్కడ కూర్చినవి.

ఇక్కడ తెలుగు ఒక అనుకూలతను ఇస్తుంది. 'రమ్మని రాసిందట, బాకీ ఇస్తుందట, అందుకు వెళుతున్నానన్నారు' అన్న వాక్యంలో పొరలు కలిసిపోవు. 'ట' అన్న ప్రత్యయం తాను చూడనిదని చెబుతుంది. 'అన్నారు' అన్నది తాను విన్నదని చెబుతుంది. సాక్ష్య చట్టం వినికిడి సాక్ష్యం గురించి పెట్టుకున్న భేదాన్ని తెలుగు వాడుక ఒక్క అక్షరంతో నిలబెడుతుంది. కాబట్టి సాక్షి తన సహజ వాక్యంలో జవాబు చెప్పేందుకు చోటిచ్చే ప్రశ్నే ఆ అక్షరాన్ని కాపాడగలదు. 'కదా' ప్రశ్నకు వచ్చే 'అవునండి'లో 'ట'కు చోటు లేదు. ప్రీవీ కౌన్సిల్ ఆ మాటలను మరణానికి దారితీసిన సంఘటనల పరిస్థితులకు చెందినవిగా 32వ సెక్షన్ కింద అంగీకరించింది. వితంతువు ఏ భాషలో చెప్పినా న్యాయమూర్తుల ముందుకు వెళ్లినది ఆంగ్ల వాక్యం. అందులో పొరలను తిరిగి విడదీయడానికి వారు ఎంతో తర్కించవలసి వచ్చింది.

5. రికార్డులో ప్రశ్న ఏమవుతుంది

ఇప్పుడు అసలు చిక్కు. సెషన్స్ విచారణలో సాక్ష్యాన్ని సాధారణంగా కథన రూపంలోనే నమోదు చేయాలని, న్యాయమూర్తి తన విచక్షణ మేరకు ఏదైనా భాగాన్ని ప్రశ్న జవాబుల రూపంలో తీసుకోవచ్చని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 276వ సెక్షన్ చెప్పింది. ప్రస్తుత నాగరిక సురక్షా సంహితలో ఇది 311వ సెక్షన్. ఆచరణలో న్యాయమూర్తి ప్రశ్ననూ జవాబునూ విని, రెండింటినీ కలిపి ఒక ఉత్తమ పురుష వాక్యంగా టైపిస్టుకు చెబుతారు. సాక్షి తెలుగులో పలికినది ఆంగ్ల వాక్యంగా కాగితం ఎక్కడం కూడా తరచు జరుగుతుంది.

కొల్లేరు ఉదాహరణకు తిరిగి వస్తే, మొరటు ప్రశ్నకు 'ఆయ్' అన్న సాక్షి వాంగ్మూలం ఇలా ఉంటుంది: 'ఆ రాత్రి సుమారు 10 గంటలకు ముద్దాయి గట్టు మీదకు వచ్చి కర్రతో గాయపరచినాడు. నేను చూచినాను.' నిదానంగా, తెరిచిన ప్రశ్నలతో సాగిన విచారణ ఫలితం కూడా దాదాపు ఇదే వాక్యం కావచ్చు. రెండు భిన్నమైన సంభాషణలకు ఒకే లిఖిత రూపం. అప్పీలు వినే న్యాయమూర్తికి గాని, నలభై ఏళ్ల తరువాత ఆ కట్టను విప్పే పరిశోధకునికి గాని తేడా కనబడదు.

అడ్డ విచారణలో ఇందుకు భిన్నంగా జరుగుతుంది. అక్కడ ఎదుటి న్యాయవాది సూచించిన ప్రతి సంగతీ, సాక్షి కాదన్నా, నమోదవుతుంది. 'నేను ఆ రాత్రి అక్కడ లేననుట నిజము కాదు', 'పోలీసుల ప్రోద్బలముతో అబద్ధ సాక్ష్యము చెప్పుచున్నాననుట నిజము కాదు' అన్న వాక్యాలు ఏ వాంగ్మూలం చివరనైనా కనిపిస్తాయి. ఆ 'అనుట' న్యాయవాది ప్రశ్న మిగిల్చిన మచ్చ. ఫలితంగా సూచక ప్రశ్న అనుమతించబడిన చోట ప్రశ్న జాడ మిగులుతుంది. నిషేధించబడిన చోట జాడ లేకుండా పోతుంది. నియమ భంగం ఎక్కడ జరగకూడదో అక్కడే దాని రుజువు మాయమవుతున్నది. వాంగ్మూలం అనే ప్రక్రియ మీద రావలసిన మొదటి విమర్శ ఇదే.

దీనికి చట్టంలో విరుగుడు ఉన్నది. అభ్యంతరం తెలిపే న్యాయవాది ఆ ప్రశ్ననూ జవాబునూ యథాతథంగా నమోదు చేయమని కోరవచ్చు. చురుకైన న్యాయవాదులు కోరతారు కూడా. వర్కీ జోసెఫ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ కేరళ కేసులో 1993లో సుప్రీంకోర్టు, కీలక విషయాలపై సూచక ప్రశ్నలు వేసి సొంత సాక్షుల చేత ప్రాసిక్యూటర్ చెప్పించడాన్ని తప్పుపట్టింది. అది నిందితునికి 21వ అధికరణం కింద ఉన్న నిష్పాక్షిక విచారణ హక్కుకు విఘాతమని చెప్పింది. రికార్డు చదివి అటువంటి సంగతిని పట్టుకోవడానికి అందులో ఏదో ఒక ఆనవాలు మిగిలి ఉండాలి.

ఆనవాలు మిగలనప్పుడు వాక్యాన్నే శోధించాలి. సాక్షి తన పలుకుబడిలో వాడని మాటలు మొదటి గుర్తు. పాక, తూము, గట్టు అనేవాడు ఉన్నట్టుండి 'సంఘటనా స్థలము', 'మారణాయుధము' అంటే అక్కడ మరొక గొంతు ఉన్నది. అయితే ఆ గొంతు ప్రశ్న వేసినవానిదా, టైపు చేయించినవారిదా అన్నది మాట ఒక్కటి చూసి తేల్చలేము. రెండవ గుర్తు బలమైనది. వేరువేరు చోట్ల నిలబడి చూసిన ముగ్గురు సాక్షులు ఒకే వరుసలో, ఒకే వివరం దగ్గర మొదలుపెట్టి చెబితే ఆ వరుస ప్రశ్నలది. నిజంగా చూసినవాడు తనకు తగిలిన చోట కథ మొదలుపెడతాడు: ఒకడికి కేక, మరొకడికి కుక్కల అరుపు, ఇంకొకడికి తెల్లారి చెరువులో తగ్గిన నీరు. మూడవది, అవసరం లేని వివరాల లోపం. తెరిచిన ప్రశ్నకు వచ్చే జవాబులో కేసుకు పనికిరాని సంగతి ఒకటైనా ఉంటుంది. అన్నీ పనికివచ్చేవే అయితే అనుమానించాలి.

మాండలిక పరిశోధనకు వాంగ్మూలాలను ఆధారంగా తీసుకునేవారు ఈ గుర్తులను ముందుగా సరిచూసుకోవాలి. వాంగ్మూలంలో దొరికే 'నేను' సాక్షి పేరు మీద నడిచే సర్వనామం. దాని వెనుక సాక్షి, న్యాయవాది, న్యాయమూర్తి ముగ్గురూ ఉన్నారు. మౌఖిక కథనానికి సేకర్త చేసే అపకారం గురించి జానపద పరిశోధనలో ఎంతో చర్చ జరిగింది. వాంగ్మూలం విషయంలో ఆ పాటి జాగ్రత్త కూడా కనబడకపోవడం విచారకరం.

6. పునర్విచారణ: అతుకు వేసే చోటు

అడ్డ విచారణలో కొల్లేరు సాక్షి 'ముఖం సరిగా చూడలేదండి' అన్నాడనుకుందాం. ప్రాసిక్యూటర్ లేచి నిలబడతాడు. పునర్విచారణ అడ్డ విచారణలో వచ్చిన సంగతుల వివరణకే పరిమితం; కొత్త సంగతి తేవాలంటే కోర్టు అనుమతి కావాలి, అప్పుడు ఎదుటి పక్షానికి ఆ కొత్త సంగతిపై మళ్లీ ప్రశ్నించే హక్కు వస్తుంది. సూచక ప్రశ్నల నిషేధం ఇక్కడా ఉంటుంది.

కంగారుపడిన న్యాయవాది 'ముఖం చూడకపోయినా గొంతు బట్టి గుర్తుపట్టావు కదా?' అంటాడు. గొంతు అన్న మాట అతనిది. అభ్యంతరం వస్తే కొట్టుకుపోతుంది; పైగా సాక్షికి ఇప్పుడు జవాబు తెలిసిపోయింది కాబట్టి తరువాత అతడు గొంతు అన్నా ఎవరూ నమ్మరు. సూచక ప్రశ్న చేసే పెద్ద నష్టం ఇది: అడగడంతోనే ఆ సాక్ష్యం చెడిపోతుంది. సరైన ప్రశ్న వేరు: 'ముఖం చూడలేదని ఇప్పుడు చెప్పావు. అతడే అని ఎలా తెలిసింది?' సాక్షి 'గొంతండి. ఆయన దగ్గర మూడేళ్లు పనిచేశాను' అంటే అతుకు నిలుస్తుంది. అదే సాక్షి 'ఊళ్లో అంతా అనుకున్నారండి' అంటే ముఖ్య విచారణలో కట్టినదంతా ఆ ఒక్క జవాబుతో కూలుతుంది.

అందుకే పునర్విచారణలో మొదటి నిర్ణయం అడగాలా వద్దా అన్నదే. జవాబు ఏమి వస్తుందో తెలియని చోట అనుభవజ్ఞులు 'రీ ఏమీ లేదు' అని కూర్చుంటారు. ఆ మౌనం రికార్డులో ఒక చిన్న పదంగా మిగులుతుంది. దాని వెనుక లెక్క మాత్రం నమోదు కాదు.

పునర్విచారణ పరిధిని కొన్ని కింది కోర్టులు మరీ కుదించాయి. అడ్డ విచారణలో సందిగ్ధత ఏర్పడితేనే అడగాలన్న అభిప్రాయం చాలాకాలం చలామణిలో ఉంది. 1999లో రమ్మీ వర్సెస్ స్టేట్ ఆఫ్ మధ్యప్రదేశ్ తీర్పులో సుప్రీంకోర్టు దీనిని సరిదిద్దింది. అడ్డ విచారణలో వచ్చిన ఏ జవాబుకైనా వివరణ అవసరమని ప్రాసిక్యూటర్ భావిస్తే అడగవచ్చని, సందిగ్ధత తొలగించడానికే దానిని పరిమితం చేయరాదని అన్నది. ఈ దృష్టి కథన శాస్త్రానికి కూడా సమ్మతమైనది. అడ్డ విచారణ సాక్షి కథను ముక్కలుగా విరిచి, తనకు కావలసిన ముక్కను మాత్రమే చూపుతుంది. ఆ ముక్కను కథలో తిరిగి దాని చోట పెట్టే అవకాశం సాక్షికి ఉండాలి.

సాక్షి పూర్తిగా ఎదురు తిరిగినప్పుడు మార్గం వేరు. పాత 154, ప్రస్తుత 157వ సెక్షన్ కింద కోర్టు అనుమతితో సొంత సాక్షినే అడ్డ విచారణ చేయవచ్చు. వాడుకలో హాస్టైల్ అయ్యాడంటారు. చట్టంలో ఆ మాట లేదు. అలా ప్రశ్నించినంత మాత్రాన అతని సాక్ష్యం మొత్తం తుడిచిపెట్టుకుపోదని 1976లో సత్పాల్ కేసు చెప్పింది. విచిత్రమేమంటే, ఈ దశలోనే న్యాయవాదికీ సాక్షికీ మధ్య ఉన్న దూరం రికార్డులో స్పష్టంగా కనబడుతుంది, 'అనుట నిజము కాదు' అన్న వాక్యాలు మళ్లీ వస్తాయి కనుక.

7. ప్రమాణ పత్రంగా మారిన ముఖ్య విచారణ

పై చర్చ అంతా క్రిమినల్ కోర్టులకు చెందినది. సివిల్ కోర్టులలో ముఖ్య విచారణ రూపమే మారిపోయింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 18వ ఆర్డరు 4వ నియమానికి జరిగిన సవరణ 2002 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. అప్పటి నుండి సాక్షి ముఖ్య విచారణ ప్రమాణ పత్రం రూపంలో దాఖలవుతుంది. కాలయాపన తగ్గించడం దాని ఉద్దేశం; ఆ ప్రయోజనం కొంత నెరవేరింది కూడా. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో చెరువు లీజు దావా పడితే, రైతు సాక్ష్యం న్యాయవాది కార్యాలయంలో, తరచు ఆంగ్లంలో తయారవుతుంది. సాక్షి బోనెక్కి సంతకం తనదేనని, అందులోని సంగతులు నిజమని చెబుతాడు. ఆ తరువాత నేరుగా అడ్డ విచారణ.

సూచక ప్రశ్న నియమానికి ఇక్కడ పని లేదు. ప్రశ్నే లేదు గనుక అభ్యంతరం ఎవరికి చెప్పాలి? సాక్షి నోట ఒక్క మాట పెట్టరాదన్న నియమం చట్టంలో అలాగే ఉండగా, మొత్తం వాంగ్మూలాన్ని అతని పేరు మీద వేరొకరు రాయడం పద్ధతి అయింది. క్రిమినల్ రికార్డులో ప్రశ్న కనీసం ఒకప్పుడు పలకబడి తరువాత మాసిపోయింది. ఇందులో అది పుట్టనే లేదు.

దాని ఫలితం అడ్డ విచారణలో బయటపడుతుంది. ఎదుటి న్యాయవాది అడిగే మొదటి ప్రశ్నలు సాధారణంగా భాష గురించే: 'నీకు ఇంగ్లీషు వచ్చా?' 'రాదండి.' 'ఇందులో ఏం రాసుందో నీకు ఎవరు చదివి చెప్పారు?' 'మా లాయరు గారండి.' 'నాలుగో పేరాలో ఏముంది?' సాక్షి తన న్యాయవాది వైపు చూస్తాడు. ఆ చూపును 'సాక్షి ప్రవర్తన' కింద న్యాయమూర్తి నమోదు చేస్తారో లేదో వారి ఇష్టం. ఆ రైతు చెరువు ఎప్పుడు తవ్వాడో, లీజు మాట ఎవరి అరుగు మీద కుదిరిందో, సొమ్ము ఎవరి చేతికి ఇచ్చాడో తన మాటల్లో చెప్పగలిగేవాడే. అతనిని అలా అడిగినవారు ఆ దావాలో ఎవరూ లేరు.